పసుపు, బూడిద: పసికందు కాలేయం ఇంకా మొదలుపెట్టని పని

నర్సింగ్, ఫార్మసీ విద్యార్థుల సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలి ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఇళ్లలో ఈ దృశ్యం చూసే ఉంటారు. బిడ్డ పుట్టి రెండు మూడు రోజులవుతుంది. అమ్మమ్మ పొద్దున కిటికీ దగ్గర బిడ్డను చూసి, కళ్లు పచ్చగా ఉన్నాయే అంటుంది. డాక్టరు రక్తపరీక్ష రాస్తారు, బిడ్డ కళ్లకు గంతలు కట్టి నీలి లైటు కింద పడుకోబెడతారు. ఎక్కువమంది పిల్లలకు కొద్ది రోజుల్లో ఆ పచ్చదనం పోతుంది, అందరూ మరిచిపోతారు.

ఈ రోజు నేను ఆ పసుపు రంగుతో మొదలుపెట్టి బూడిద రంగు దగ్గరికి వెళ్తాను. పసుపు కామెర్లది. బూడిద రంగు ఒక మందు వల్ల వచ్చింది. 1950లలో ఆ మందు వేసిన పసిపిల్లలు మూడో నాలుగో రోజున బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. ఈ రెండు రంగుల వెనుకా ఉన్నది కాలేయంలోని ఒకే రకమైన లోటు. ఆ లోటు ఏమిటో అర్థమైతే పసిపిల్లల మందుల చీటీని మీరు వేరే కళ్లతో చదువుతారు.

ముందుగా కాలేయం చేసే పని చూద్దాం. మనం మింగే మందుల్లో చాలావరకు కొవ్వులో కరిగే గుణం ఉన్నవి. ఆ గుణం ఉండబట్టే అవి పేగు గోడను, కణాల పొరను దాటుకుని లోపలికి పోగలుగుతాయి. కానీ బయటికి పంపాలంటే అదే గుణం అడ్డు వస్తుంది. మూత్రపిండం రక్తాన్ని వడకట్టినప్పుడు మందు మూత్రనాళికలోకి దిగుతుంది. ఆ నాళిక గోడ కూడా కొవ్వు పొరే కాబట్టి, దిగిన మందు మళ్లీ ఆ గోడ దాటి రక్తంలోకి తిరిగి వచ్చేస్తుంది. బయటికి తోసిన మనిషి పక్క తలుపులోంచి మళ్లీ ఇంట్లోకి వచ్చినట్టు.

అందుకని కాలేయం రెండు దశల్లో పని చేస్తుంది. మొదటి దశలో మందు అణువుకు ఆక్సిజన్ చేర్చడమో, ఒక ముక్క కోయడమో చేసి, పట్టుకోవడానికి వీలైన ఒక కొక్కెం తయారు చేస్తుంది. రెండో దశలో ఆ కొక్కేనికి నీటిలో కరిగే ఒక పెద్ద బరువును తగిలిస్తుంది. ఈ తగిలించడాన్నే కాంజుగేషన్ అంటాం, తెలుగులో జోడింపు అనుకుందాం. 'మొదటి దశ, రెండో దశ' అనే ఈ విభజనను స్థిరపరిచినవారు బ్రిటన్ జీవరసాయన శాస్త్రవేత్త ఆర్.టి. విలియమ్స్. అయితే ప్రతి మందూ రెండు మెట్లూ ఎక్కనక్కరలేదు. పుట్టుకతోనే కొక్కెం ఉన్న మందు నేరుగా రెండో దశకు వెళ్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మన కథలోని మందు అలాంటిదే.

జోడించే బరువులు కొన్ని ఉన్నాయి: సల్ఫేటు, గ్లైసిన్, గ్లూటాథయోన్, ఎసిటైల్ ముక్క. అన్నింటికంటే ఎక్కువ మందులను మోసేది గ్లూకురోనిక్ ఆమ్లం. ఇది గ్లూకోజు నుంచే తయారవుతుంది. కాలేయ కణం గ్లూకోజుకు యూడీపీ అనే పిడిని తగిలించి, ఆ తరువాత గ్లూకోజు చివరను ఆక్సీకరించి ఆమ్లంగా మారుస్తుంది. అలా వచ్చినదే యూడీపీ-గ్లూకురోనిక్ ఆమ్లం. పిడి ఎందుకంటే, ఊరికే ఉన్న గ్లూకురోనిక్ ఆమ్లం మందుకు అతుక్కోదు. పిడి వదులుకునేటప్పుడు దొరికే శక్తితోనే అతుకు పడుతుంది.

అతుకు వేసే పని యూజీటీ అనే ఎంజైముల కుటుంబానిది. కణం లోపల పొరలు పొరలుగా ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ గోడలో ఇవి దిగేసి ఉంటాయి. పని చేసే చోటు ఆ పొరల లోపలి వైపు ఉంటుంది. మందులోని ఆక్సిజన్ చక్కెర మీదికి ఒక వైపు నుంచి వచ్చి పట్టుకుంటే, యూడీపీ పిడి మరో వైపు నుంచి ఊడిపోతుంది. అంతే, గ్లూకురోనిడేషన్ పూర్తయింది.

అణువు బరువు 176 పెరుగుతుంది. దానికంటే ముఖ్యమైనది, కొత్తగా వచ్చిన ఆమ్ల భాగం రక్తంలో పూర్తిగా రుణ విద్యుదావేశంతో ఉంటుంది. అలాంటి అణువు కొవ్వు పొరను దాటలేదు. మూత్రనాళికలోకి దిగితే ఇక తిరిగి రాలేదు. కాలేయ కణం నుంచి అది బయటికి రావాలన్నా పొరలోని ప్రత్యేక పంపులే నెట్టాలి. కొన్ని పంపులు పైత్యరసంలోకి నెడతాయి, కొన్ని రక్తంలోకి నెడతాయి. అక్కడి నుంచి మూత్రపిండం చూసుకుంటుంది. చాలా మందులు ఈ జోడింపుతో తమ పని చేసే శక్తిని కూడా పోగొట్టుకుంటాయి. అన్నీ కాదు సుమా. మార్ఫిన్‌కు వచ్చే ఒక గ్లూకురోనైడు నొప్పి తగ్గించడంలో మార్ఫిన్‌కు తీసిపోదు. కాబట్టి జోడింపు జరిగితే విషం విరిగినట్టే అని కళ్లు మూసుకుని అనకూడదు.

ఇప్పుడు మన అమ్మమ్మ చూసిన పసుపు దగ్గరికి వద్దాం. పాత ఎర్ర రక్తకణాలు పగిలినప్పుడు వచ్చే బిలిరుబిన్ కొవ్వులో కరిగే పసుపు పదార్థం. దానికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించే ఎంజైము యూజీటీ1ఏ1, ఒక్కటే. నెలలు నిండి పుట్టిన బిడ్డ కాలేయంలో దీని శక్తి పెద్దవారితో పోలిస్తే నూటికి ఒక వంతు. నూటికి పది కాదు, ఒకటి. పైగా పసిపిల్లల ఎర్రకణాలు పెద్దవారి కణాలకంటే త్వరగా పగులుతాయి, కిలో బరువుకు తయారయ్యే బిలిరుబిన్ సుమారు రెట్టింపు. రావడం ఎక్కువ, పోవడం తక్కువ. అందుకే పసుపు.

ప్రకృతి ఇంత ముఖ్యమైన ఎంజైమును బిడ్డకు ఎందుకు ఇవ్వలేదు? నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు దీన్ని 'అపరిపక్వత' అన్న ఒక్క మాటతో దాటేశారు. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. కడుపులో ఉన్న బిడ్డ స్థానం నుంచి ఆలోచించండి. బిడ్డ బిలిరుబిన్ ఎటు పోవాలి? మాయ దాటి తల్లి రక్తంలోకి పోవాలి, తల్లి కాలేయం దాన్ని శుభ్రం చేయాలి. మాయ కూడా కొవ్వు పొరే. కొవ్వులో కరిగే బిలిరుబిన్ దాన్ని దాటుతుంది. గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించిన బిలిరుబిన్ దాటలేదు, బిడ్డలోనే చిక్కుకుపోతుంది. అంటే కడుపులో ఉన్నంత కాలం ఈ జోడింపు జరగకపోవడమే బిడ్డకు క్షేమం. బొడ్డు కోసిన క్షణం నుంచి లెక్క తిరగబడుతుంది. నిన్నటి వరకు తల్లి చేసిన పని ఈ రోజు నుంచి బిడ్డ కాలేయం చేయాలి. ఆ పని పుట్టుకతోనే మొదలై, సుమారు మూడు నాలుగు నెలలకు పెద్దవారి స్థాయికి చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టినా సరే, ఎంజైము పెరగడానికి సంకేతం పుట్టుకే.

బిలిరుబిన్ విషయంలో మనకు ఒక అదృష్టం ఉంది. అది పసుపు రంగులో ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. నీలి కాంతి తగిలినప్పుడు దాని ఆకారం మారి, గ్లూకురోనిక్ ఆమ్లం లేకుండానే పైత్యరసంలో, మూత్రంలో పోతుంది. కాలేయం చేయలేని పనికి లైటు పక్కదారి చూపిస్తుంది. చాలా మందులకు రంగు లేదు. లైటు పెట్టి వాటిని పంపలేం.

ఇక క్లోరాంఫెనికాల్ కథ. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు ఈ మందు క్లోరోమైసెటిన్ అనే పేరుతో తెలుసు, టైఫాయిడ్‌కు అప్పట్లో ఇదే దిక్కు. ఇప్పటికీ కంటి చుక్కల్లో, మలాముల్లో కనిపిస్తుంది. 1947లో వెనిజులా మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని వేరు చేశారు. రెండేళ్లలోనే మార్కెట్లోకి వచ్చింది. ఎన్నో రకాల సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది, మెదడులోకి కూడా బాగా చేరుతుంది. అప్పటి వైద్యులు దీన్ని నెత్తిన పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఈ మందు అణువులో కొక్కెం పుట్టుకతోనే ఉంది, ఒక ఆల్కహాల్ సమూహం. కాబట్టి మొదటి దశ అక్కర్లేదు. పెద్దవారిలో దాదాపు నూటికి 90 వంతులు గ్లూకురోనైడుగా మారి మూత్రంలో పోతుంది. ముఖ్యంగా యూజీటీ2బీ7 అనే ఎంజైము ఆ పని చేస్తుంది. ఇది బిలిరుబిన్ ఎంజైము కాదు, దాని కుటుంబంలోదే. పుట్టినప్పుడు ఇది కూడా నీరసంగానే ఉంటుంది. మారని మందును మూత్రపిండం నేరుగా వడకట్టే భాగం చాలా కొద్ది. అంటే ఈ మందుకు ఒకే ఒక పెద్ద తలుపు ఉంది, పసికందులో ఆ తలుపు దాదాపు మూసి ఉంది.

1950లలో ఉమ్మనీటి సంచి ముందుగానే పగిలిన కాన్పుల్లో పుట్టిన నెలలు నిండని పిల్లలకు, ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందు జాగ్రత్తగా ఈ మందు ఇచ్చేవారు. మోతాదు బరువును బట్టి లెక్కించేవారు, రోజుకు కిలోకు 100 మిల్లీగ్రాములు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. పెద్ద పిల్లలు తట్టుకున్న మోతాదు కాబట్టి బరువుతో గుణిస్తే పసివాళ్లకూ సరిపోతుందనుకున్నారు.

ఇప్పుడు మనం కలిసి ఒక లెక్క వేద్దాం. కాగితం ఉంటే తీయండి. 1960లో వైస్, గ్లాజ్కో, వెస్టన్ అనే పరిశోధకులు రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని కొలిచారు. పెద్ద పిల్లల్లో అది సుమారు 4 గంటలు. పుట్టిన మొదటి రోజుల్లోని శిశువుల్లో సుమారు 26 గంటలు. ఈ రెండు అంకెలు చాలు.

ఆరు గంటలకొకసారి మందు ఇస్తున్నాం అనుకోండి. ఒక్కో డోసు రక్తంలో ఒక పాలు పెంచుతుంది అనుకుందాం. పెద్ద పిల్లవాడిలో ఆరు గంటల్లో ఆ పాలులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే మిగులుతుంది. దాని మీద కొత్త డోసు పడుతుంది. ఎన్ని రోజులు ఇచ్చినా, డోసు పడిన వెంటనే ఉండే స్థాయి ఒకటిన్నర పాళ్ల దగ్గర నిలిచిపోతుంది.

పసికందులో ఆరు గంటల తరువాత నూటికి 85 వంతులు ఇంకా అక్కడే ఉంటుంది. రెండో డోసు పడేసరికి 1.85 పాళ్లు. మొదటి రోజు నాలుగు డోసులు పూర్తయ్యేసరికి 3.2 పాళ్లు. రెండో రోజు చివరి డోసుకు 4.9. మూడో రోజు చివరి డోసుకు దాదాపు 5.8. నాలుగో రోజుకు ఆరు దాటుతుంది. గమనించండి, నర్సు ప్రతిసారీ ఇచ్చింది అదే డోసు. ఎవరూ ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వలేదు. రక్తంలో మాత్రం అది పేరుకుంటూ పోయింది. ఇది సరళమైన లెక్క మాత్రమే. ఎంజైము చేతినిండా పని ఉన్నప్పుడు అదనంగా వచ్చిన మందు ఇంకా నెమ్మదిగా పోతుంది, అప్పుడు పేరుకోవడం దీనికంటే ఎక్కువే ఉంటుంది.

ఈ మందు రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉంటే చికిత్సకు సరిపోతుంది. 40, 50 దాటితే ప్రమాదం. మందు పనిచేసే తీరులోనే ఆ ప్రమాదం ఉంది. సూక్ష్మజీవుల్లో ప్రోటీన్ల తయారీని ఇది ఆపుతుంది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ప్రోటీన్లు తయారయ్యే యంత్రాంగం సూక్ష్మజీవుల దానిని పోలి ఉంటుంది. అందుకని మోతాదు మించితే మైటోకాండ్రియా కూడా దెబ్బతింటుంది. ఆగకుండా కొట్టుకునే గుండెకు శక్తి అందక ముందు అదే కుంగుతుంది.

మూడో నాలుగో రోజున బిడ్డ పాలు తాగడం మానేస్తుంది. వాంతులు, కడుపు ఉబ్బరం, ఎగశ్వాస. ఆ తరువాత కాళ్లూ చేతులూ వేలాడిపోతాయి, ఒళ్లు చల్లబడుతుంది, చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది. గ్రే బేబీ సిండ్రోమ్ అనే పేరు అలా వచ్చింది. కొందరు కొద్ది గంటల్లోనే పోయేవారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నేను చెప్పిన ఈ లక్షణాలు విన్నప్పుడు మీకు ఏం గుర్తొచ్చింది?

(సభలో నుంచి: సెప్సిస్, మేడమ్.)

అవునమ్మా, రక్తంలో ఇన్‌ఫెక్షన్. అచ్చం అలాగే ఉంటుంది. ఏ జబ్బు రాకూడదని మందు ఇచ్చారో, మందు చేసిన హాని ఆ జబ్బు రూపంలోనే వచ్చింది. బిడ్డ పోతే, మందు ఇచ్చినా ఇన్‌ఫెక్షన్ ఆగలేదు పాపం అనుకోవడం ఎంత సహజమో చూడండి.

నిజం బయటపడింది పోలిక వల్ల. లాస్ ఏంజెలిస్‌లో బర్న్స్, హాడ్జ్‌మన్, కాస్ అనే వైద్యులు ఇలాంటి నెలలు నిండని పిల్లలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏ యాంటీబయాటిక్కూ లేదు. ఒక గుంపుకు పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. ఒక గుంపుకు క్లోరాంఫెనికాల్. నాలుగో గుంపుకు మూడూ కలిపి. 1959లో ఫలితాలు ప్రచురించారు. ఏ మందూ లేని గుంపులోనూ, పెన్సిలిన్ గుంపులోనూ నూటికి 20 లోపే చనిపోయారు. క్లోరాంఫెనికాల్ ఉన్న రెండు గుంపుల్లో నూటికి 60 నుంచి 70 మధ్య. ఏమీ ఇవ్వని ఆ గుంపే లేకపోతే ఈ తేడా కనిపించేది కాదు. ఆ పట్టికను మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఆ అంకెలు చెప్పేటప్పుడు గొంతు సరిచేసుకోవాల్సి వస్తుంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి సిస్టర్.

(ప్రశ్న: మేడమ్, కిలోకు డోసు తగ్గించి ఇస్తే సరిపోతుంది కదా? లోటు కాలేయంలో ఒక్కచోటే కదా ఉంది?)

మంచి ప్రశ్న. తగ్గించాలి, తగ్గించారు కూడా. అయితే లోటు ఒక్కచోటే లేదు. కాలేయం తయారుచేసిన గ్లూకురోనైడును మూత్రపిండం నాళికల్లోకి నెట్టాలి, మారకుండా మిగిలిన మందును వడకట్టాలి. పసికందు మూత్రపిండం ఆ రెండు పనుల్లోనూ వెనకబడి ఉంటుంది. ముందు తలుపు ఇరుకు, వెనుక తలుపూ ఇరుకే. ఇంకో చిక్కు, ఇద్దరు పిల్లలు ఒకే బరువుతో, ఒకే రోజున పుట్టినా వాళ్ల ఎంజైముల శక్తి ఒకేలా ఉండదు. అదే బిడ్డలో ఈ రోజు ఉన్న శక్తి పది రోజుల తరువాత ఉండేది కాదు. అందువల్ల తప్పనిసరై ఈ మందు ఇచ్చే చోట డోసు తగ్గించడంతో సరిపెట్టరు, రక్తంలో మందు స్థాయిని కొలుస్తూ ఇస్తారు. కొలిచేటప్పుడు జోడింపు జరగని మందును విడిగా కొలవాలి. గ్లూకురోనైడును కూడా కలిపి కొలిస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ, అందులో హాని చేసేది ఎంతో తెలియదు. కారణం తెలియకుండా రక్తంలో ఆమ్లం పెరుగుతుంటే అది తొలి హెచ్చరిక, చర్మం రంగు మారేదాకా ఆగకూడదు. అనుమానం వస్తే వెంటనే మందు ఆపాలి. అవసరమైతే రక్తమార్పిడితో మందును బయటికి తీస్తారు.

ఇంతసేపూ విన్నాక, పసికందుకు గ్లూకురోనిడేషన్‌తో పోయే మందు ఏదీ ఇవ్వకూడదేమో అనిపించవచ్చు. అది నిజం కాదు, పారాసిటమాల్ చూడండి. పెద్దవారిలో ఇది ఎక్కువగా గ్లూకురోనైడుగానే పోతుంది. మరి పసిపిల్లలకు ఎలా ఇస్తున్నాం? దీనికి రెండో తలుపు ఉంది, సల్ఫేటు. సల్ఫేటు తగిలించే ఎంజైములు కడుపులో ఉన్నప్పటి నుంచే బాగా పనిచేస్తాయి. పసిపిల్లల్లో, ఇంకా కొన్నేళ్లు పెరిగిన పిల్లల్లో కూడా, పారాసిటమాల్ ఎక్కువగా సల్ఫేటుగానే పోతుంది. గ్లూకురోనైడు వాటా వయసుతో పెరుగుతుంది. అయితే సల్ఫేటు దారికి ఒక హద్దు ఉంది. తగిలించడానికి కావలసిన సల్ఫేటు నిల్వ కొద్ది, పెద్ద మోతాదు పడితే అది త్వరగా అయిపోతుంది. అందుకే పసికందుకు పారాసిటమాల్ ఇచ్చేటప్పుడు పెద్ద పిల్లలకంటే డోసుల మధ్య ఎక్కువ ఎడం పాటిస్తారు. క్లోరాంఫెనికాల్‌కు ఇలాంటి రెండో తలుపు లేదు. కాబట్టి కొత్త మందు పేరు కనిపించినప్పుడు నేను మొదట వెతికేది ఇదే: ఇది ఎన్ని దారుల్లో పోతుంది, వాటిలో పుట్టిన రోజున తెరిచి ఉన్నది ఏది?

ఇంకొక్క సంగతి. అమెరికాలో నెలలు నిండని పిల్లలు కొందరు ఎగశ్వాసతో, రక్తంలో ఆమ్లం పెరిగి చనిపోయిన సంగతి 1982లో బయటపడింది. వాళ్లకు ఇచ్చిన మందుల్లో లోపం లేదు. రక్తనాళంలో పెట్టిన గొట్టాన్ని కడగడానికి వాడిన ఉప్పునీటిలో, చెడిపోకుండా కలిపిన బెంజైల్ ఆల్కహాల్ ఉంది. శరీరం దాన్ని బెంజోయిక్ ఆమ్లంగా మారుస్తుంది. తరువాత దానికి గ్లైసిన్ జోడించి మూత్రంలో పంపాలి, ఇది కూడా రెండో దశ పనే. ఆ చిన్న కాలేయాలు గ్లైసిన్ జోడింపును అందుకోలేక, బెంజోయిక్ ఆమ్లం పేరుకుపోయింది. మందు కాని ద్రవం కూడా కాలేయం ముందు మందులాగే నిలబడుతుంది. అప్పటి నుంచి పసిపిల్లల గొట్టాలకు వాడే ద్రవాల్లో అది ఉండకూడదన్నది నియమం. రేపు మీరు సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు, లేబులు మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ భాగం చదవండి.

ఆఖరుగా క్లోరాంఫెనికాల్ మోతాదు పట్టిక ఒకటి చెప్పి ముగిస్తాను. పుట్టిన మొదటి రెండు వారాలు రోజుకు కిలోకు 25 మిల్లీగ్రాములు. రెండు వారాలు దాటిన, నెలలు నిండి పుట్టిన బిడ్డకు 50 వరకు. 1950లలో ఇచ్చిన 100తో పోల్చి చూడండి. పట్టికలో బరువు గడి పక్కన వయసు గడి ఉంటుంది, అది నెలల్లో కాదు, రోజుల్లో నింపాలి. మీరు చీటీ అందుకున్నప్పుడు ఆ గడి ఖాళీగా కనిపిస్తే, డోసు కలపడానికి ముందు డాక్టరుకు ఫోను చేసి, బిడ్డ పుట్టి ఎన్ని రోజులైందో అడగండి.